చాట్‌లో ఎగిరే మూడు చుక్కలు చెవికి ఎలా చేరతాయి?

ఈ నెల కరెంటు బిల్లు ఎందుకు పెరిగిందో అడగడానికి ఒకరు వెబ్‌సైట్ మూలన ఉన్న చాట్ విడ్జెట్ తెరిచారనుకుందాం. ప్రశ్న టైప్ చేసి ఎంటర్ నొక్కగానే మూడు చుక్కలు ఎగురుతూ కనిపించాయి. కాసేపటికి జవాబు, దాని కింద రెండు బటన్లు వచ్చాయి. ఇదే పని చూపు లేని వ్యక్తి స్క్రీన్ రీడర్ సాయంతో చేస్తే చాలా విడ్జెట్లలో ఎంటర్ తర్వాత ఏమీ వినిపించదు. జవాబు వచ్చి ఎదురుగా ఉన్నా, ఇంకా రాలేదనే ఎదురుచూస్తుంటారు.

కారణం ఇది. స్క్రీన్ రీడర్ తెరమీద బొమ్మను చూడదు. పేజీలో ఏమేమి ఉన్నాయో బ్రౌజర్ ఇచ్చే వివరాలను చదువుతుంది, అదీ వాడేవారు ప్రస్తుతం ఉన్న చోటు నుంచే. టైప్ చేసిన వ్యక్తి ఇంకా రాసే పెట్టెలోనే ఉన్నారు. జవాబు మరోచోట పుట్టింది. ఆ చోటును గమనిస్తూ ఉండమని పేజీ రాసినవారే ముందుగా చెప్పాలి. అలా గుర్తు పెట్టిన భాగాన్ని లైవ్ రీజియన్ అంటారు. వెబ్ అందుబాటు ప్రమాణాల 2018 నాటి 2.1 కూర్పు, ఇలాంటి స్థితి సందేశాలు ఫోకస్ మారకుండానే వినిపించేలా ఉండాలని కొత్తగా ఒక నిబంధన చేర్చింది.

```html
<div role="log" aria-label="సంభాషణ" lang="te"></div>
<div role="status" lang="te"></div>
```

మొదటిది సంభాషణ కోసం. ఇందులో కొత్తగా చేరిన మాటలను మాత్రమే, అప్పటికి చదువుతున్నది ముగిశాక, స్క్రీన్ రీడర్ వినిపిస్తుంది. `lang="te"` లేకపోతే తెలుగు వాక్యం ఇంగ్లిష్ గొంతుకు అప్పగించే ప్రమాదం ఉంది. ఈ రెండు డబ్బాలూ ఖాళీగా ఉండటం పొరపాటు కాదు. ముందు ఖాళీ డబ్బా ఉండాలి, తర్వాతే అందులో మాట పడాలి. డబ్బానూ మాటనూ ఒకేసారి సృష్టిస్తే స్క్రీన్ రీడర్‌కు మార్పు తెలియకపోవచ్చు. చాట్‌లో మొదటి పలకరింపు మాత్రం వినపడక, మిగతావన్నీ వినిపిస్తుంటే అనుమానించాల్సింది దీన్నే.

ఇక చుక్కలు. వాటిని సంభాషణ డబ్బాలోనే పెట్టి, వచ్చిన ప్రతిసారీ "టైప్ చేస్తున్నారు" అనిపిస్తే ఆ మాటే మళ్లీమళ్లీ వినిపించి, అసలు జవాబు దాని వెనుక వరుసలో నిలబడుతుంది. అందుకే చుక్కలను `aria-hidden="true"` తో స్క్రీన్ రీడర్‌కు కనిపించకుండా చేసి, జవాబు ఆలస్యమైతేనే రెండో డబ్బాలో "జవాబు సిద్ధమవుతోంది" అని ఒక్కసారి రాయాలి. ఎంత ఆలస్యమైతే? ప్రమాణం ఏ అంకే చెప్పదు. నా లెక్కలో మూడు సెకన్లు సరిపోతాయి. అంతకన్నా త్వరగా జవాబు వస్తే చెప్పాల్సిన పనే లేదు.

జవాబుతో "మీటరు రీడింగ్ చూపించు", "ఫిర్యాదు నమోదు చేయి" అనే సూచనలు వచ్చాయి. ఇవి అసలైన `<button>` లు అయితే ట్యాబ్ మీటతో చేరుకోగలం. అసలు చిక్కు నొక్కిన తర్వాత మొదలవుతుంది. సాధారణంగా రెండు బటన్లూ మాయమైపోతాయి. నొక్కిన వ్యక్తి ఫోకస్ ఆ బటన్ మీదే ఉంది కాబట్టి, అది పోగానే చాలాసార్లు పేజీ మొదటికి జారిపోతుంది. చాట్ ఎక్కడుందో మళ్లీ వెతుక్కోవాలి. బటన్లను తీసేయడానికి ముందే ఫోకస్‌ను రాసే పెట్టెకు పంపితే ఈ బాధ ఉండదు. అలాగని సూచనలు రాగానే ఫోకస్‌ను వాటి మీదకు లాగకూడదు, అవతలివారు ఏదో టైప్ చేస్తూ ఉండవచ్చు.

ఫిర్యాదు పంపుతుండగా నెట్ తెగిందనుకోండి. పెట్టె అంచు ఎర్రబడటం చెవికి అందదు. "ఏదో తప్పు జరిగింది" అన్న వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. ఇక్కడ `role="alert"` వాడితే చదువుతున్నదాన్ని ఆపి మరీ వెంటనే వినిపిస్తుంది. కానీ ఏం రాయాలి? "మీ సందేశం వెళ్లలేదు" అని రాసేముందు ఆగాలి. ఫిర్యాదు సర్వర్‌కు చేరి, తిరుగు సమాధానం మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. మళ్లీ పంపితే ఒకే ఫిర్యాదు రెండుసార్లు నమోదవుతుంది. కాబట్టి ప్రతి సందేశానికీ ముందే ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. అదే సంఖ్యతో రెండోసారి వస్తే సర్వర్ దాన్ని కొత్త ఫిర్యాదుగా తీసుకోకూడదు. అప్పుడు నిజాయితీగా ఇలా చెప్పవచ్చు: "నెట్ తెగింది, జవాబు అందలేదు. మీరు రాసింది పెట్టెలోనే ఉంది. మళ్లీ పంపినా ఫిర్యాదు ఒక్కటే నమోదవుతుంది."

ఇవన్నీ సరిగా ఉన్నాయా లేదా అన్నది పేజీని ఒక్కసారి తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్‌కు పూర్తిగా దొరకదు, ఎందుకంటే ఏ మాట ఎప్పుడు వినిపించిందన్నదే ఇక్కడ ప్రశ్న. విండోస్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏను, ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్‌ను ఆన్ చేసి, తెర ఆర్పేసి, బిల్లు ప్రశ్నను మొదటి నుంచి చివరిదాకా అడిగి చూడాలి. ఫిర్యాదు పంపే క్షణంలో కావాలని నెట్ ఆపేయాలి. స్క్రీన్ రీడర్‌ను రోజూ వాడేవారిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది. మనం నెమ్మదిగా పెట్టుకుని వినే గొంతును వాళ్లు ఎన్నో రెట్లు వేగంగా వింటారు, మనకు తట్టని చోట ఆగుతారు.