ముఖం ఆమెదే, ఒళ్లు ఎవరిది?

ఇంట్లో పెద్దవాళ్లు పోయాక గోడకు పెట్టడానికి ఫొటో వెతికితే, చాలా ఇళ్లలో దొరికేది ఏ బ్యాంకు పుస్తకం కోసమో తీయించిన పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఒక్కటే. ఒకప్పుడు స్టూడియోవాళ్లు ఆ ముఖాన్నే పెద్దది చేసి, రంగులద్ది ఫ్రేము కట్టి ఇచ్చేవారు. ఇప్పుడు అదే ఫొటోను ఏఐకి ఇస్తే, గుమ్మంలో నిలబడ్డ నిలువెత్తు మనిషిని చూస్తుండగానే తయారుచేస్తుంది. ముఖం అచ్చం మన అమ్మమ్మదే. మెడ కిందనుంచి ఉన్నది మాత్రం ఆమె కాదు.

అందులో కల్పితం ఎంతో లెక్క వేసి చూడొచ్చు. ఫొటోలో నడినెత్తి నుంచి గడ్డం దాకా 30 మి.మీ. ఉందనుకుందాం. పెద్దవాళ్ల ఎత్తు మామూలుగా తల పొడవుకు ఏడు, ఏడున్నర రెట్లు ఉంటుంది. ఏడున్నర చొప్పున, అదే కొలతలో ఆమె నిలువెత్తు రూపానికి 225 మి.మీ. కావాలి. ఫొటోలో మెడ, భుజాల అంచు కలుపుకున్నా ఉన్నది 40 మి.మీ. మించదు. అంటే అయిదింట నాలుగు వంతులు యంత్రం తనకు తోచినట్టు గీసినవే.

ఆ గీతకు ఆధారం ఏమిటి? యంత్రం ముఖాన్ని అలాగే ఉంచి, కింద ఖాళీని ముందు చుక్కల గందరగోళంతో నింపుతుంది. తర్వాత విడతలు విడతలుగా ఆ గందరగోళాన్ని తగ్గించుకుంటూ వస్తుంది. ఇలాంటి మెడ, ఇలాంటి చీర అంచు ఉన్నచోట కింద సాధారణంగా ఏముంటుందో, తాను నేర్చుకున్న కోట్ల బొమ్మలను బట్టి ప్రతి విడతలోనూ అంచనా కడుతుంది. ఆమె ఎముకలను కొలిచేదేమీ లేదు. ఆ బొమ్మల్లో దుస్తుల ప్రకటనలు, సినిమా తారలు పుష్కలం. నడుము వంగిన పల్లెటూరి ముసలమ్మ నిలువెత్తు ఫొటో వాటిలో ఎక్కడ దొరుకుతుంది?

పోనీ, ముఖాన్ని బట్టి ఒంటి కొలతలు తెలియవా? చెంపలను చూసి సన్నమో లావో కొంత పోల్చుకోగలం, వయసూ చెప్పగలం. అంతకుమించి కష్టమే. తల పొడవు 22 సెం.మీ. ఉన్న మనిషి ఏడు తలల ఎత్తయితే 154 సెం.మీ., ఎనిమిది తలలైతే 176 సెం.మీ. ముఖం ఒకటే, తేడా జానెడు. కాళ్లు పొడుగో నడుం పొడుగో, భుజాలు ఎంత వెడల్పో, చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడిందో లేదో ముఖంలో కనపడదు.

మన శిల్పులకు ఈ సంగతి బాగా తెలుసు. వాళ్ల కొలత తాళం, అంటే ముఖం పొడవు. కానీ విష్ణువుకు దశతాళం, వినాయకుడికి పంచతాళం అని శాస్త్రం ముందే చెబుతుంది. ఎన్ని తాళాలో తెలియకుండా ముఖం ఒక్కటే చూసి ఏ శిల్పీ ఉలి పట్టడు.

నాలుగడుగుల పదంగుళాల మనిషి, వంగిన నడుము, పొలం పనులతో కణుపులు తేలిన వేళ్లు. ఆమె ముఖం ఇస్తే యంత్రం ఎనిమిది తలల ఎత్తు, నిటారు వెన్ను, నున్నటి చేతులు ఇచ్చిందనుకోండి. కూతురు చూడగానే మా అమ్మ ఇంత పొడుగు కాదంటుంది. ఆమెను ఎన్నడూ చూడని మనవలు అనరు. ఫొటోలా ఉంది కాబట్టి అదే నిజమనుకుంటారు. నాకు బాధ కలిగించేది ఇదే. ఒక మనిషి బతికిన బతుకు ఆమె ఒంటి మీద వేసిన గుర్తులన్నీ ఇక్కడ చెరిగిపోతాయి.

ఈ ఊహ అందరి విషయంలో ఒకేలా తప్పదు. 2021లో ర్యాన్ స్టీడ్, ఐలిన్ కాలిస్కన్ అనే పరిశోధకులు మెడ కింద కత్తిరించిన ఫొటోలను ఐజీపీటీ అనే మోడల్‌కు ఇచ్చి పూర్తిచేయించారు. మగవాళ్లకు 42.5 శాతం సార్లు సూటో, ఉద్యోగపు దుస్తులో వేసింది. ఆడవాళ్లకు 52.5 శాతం సార్లు బికినీయో, ఛాతీ కనిపించే పైదుస్తులో వేసింది. ఆ ముఖాల్లో అలా వేయమన్న ఆధారమేదీ లేదు.

ఇంట్లో ఇలాంటి బొమ్మ ఉంటే స్కేలుతో తల కొలిచి, నిలుచున్న ఎత్తులో అది ఎన్నిసార్లు పడుతుందో చూడండి. ఎనిమిది దాటితే అనుమానించాల్సిందే. అదే ఫొటో మళ్లీ ఇచ్చి చూడండి, భుజాలూ నడుమూ మారిపోతుంటే ఊహ అని తేలిపోతుంది. మారకపోయినా నమ్మడానికి లేదు, ఒకే సగటును మళ్లీ మళ్లీ గీస్తోందని కూడా అర్థం కావచ్చు. పూర్తి మనిషి కనిపించే పాత ఫొటో, పెళ్లి గుంపులో చివర నిలబడ్డదైనా సరే, దొరికితే దాన్ని కూడా ఇచ్చి, తెలిసిన ఎత్తు చెప్పి, వచ్చిన బొమ్మను ఆమెను ఎరిగినవాళ్లకు చూపించండి. ఏదీ దొరక్కపోతే భుజాల వరకే ఫ్రేము కట్టించండి.