ప్యానెల్ 330, బ్యాటరీకి చేరేది 112

మా బావకి అనంతపురం దగ్గర చీనీ తోట ఉంది. మోటారుకి పగటిపూట కరెంటు ఇస్తారు, రాత్రి ఉండదు. కాపలాకి పడుకునే రేకుల షెడ్డులో రెండు డీసీ ఫ్యాన్లు, మూడు బల్బులు, సెల్‌ఫోన్ల చార్జింగ్ కోసం పోయిన ఏడాది సోలార్ పెట్టించాడు. 330 వాట్ల ప్యానెల్ ఒకటి, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి, రెంటి మధ్యా వెయ్యి రూపాయల లోపు చార్జ్ కంట్రోలర్. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత వారం పది రోజులకోసారి నడిరాత్రి ఫ్యాన్లు ఆగిపోవడం మొదలైంది. బ్యాటరీ పాడైందని షాపువాడు తేల్చేశాడు.

"330 వాట్లు కదప్పా, రెండు ఫ్యాన్లకు ఎందుకు చాలదు?" అన్నది బావ ప్రశ్న. చాలాలి మరి. మిట్టమధ్యాహ్నం మల్టీమీటర్, డీసీ క్లాంప్ మీటర్ తీసుకుని వెళ్లాను.

కంట్రోలర్‌కి ప్యానెల్ వైర్లు బిగించిన చోట వోల్టేజీ చూస్తే 13. ప్యానెల్ వెనక అతికించిన కాగితం మీద మాత్రం పనిచేసే వోల్టేజీ 37.5 అని ఉంది. ప్యానెల్ వైపు కరెంటు 8.6 ఆంప్స్, బ్యాటరీ వైపూ 8.6 ఆంప్సే. 13ని 8.6తో గుణిస్తే 112 వాట్లు. మిగతాదంతా ఎండలోనే పోతోంది. బ్యాటరీ తప్పేమీ లేదు.

ఆ కంట్రోలర్ పీడబ్ల్యూఎం రకం. పేరు పెద్దదే కానీ లోపల ఉన్నది ఒక స్విచ్చి. బ్యాటరీ ఖాళీగా ఉన్నంతసేపూ ప్యానెల్‌ని తెచ్చి నేరుగా దానికే కలిపేస్తుంది. నిండే వేళకి సెకనుకి ఎన్నోసార్లు ఆపుతూ, కలుపుతూ చార్జింగ్ పొంగిపోకుండా చూస్తుంది. నేరుగా కలిపినప్పుడు ప్యానెల్ తన వోల్టేజీని వదులుకుని బ్యాటరీ వోల్టేజీకి దిగి రావాల్సిందే. దిగినందుకు ఆంప్స్ ఏమైనా పెరుగుతాయా అంటే పెరగవు. ముప్పై ఏడు అడుగుల ఎత్తున్న ట్యాంకు నీళ్లను పదమూడు అడుగుల తొట్టిలోకి ఊరికే వదిలేసినట్టు, ఆ ఎత్తు మనకి అక్కరకు రాదు.

ఎంపీపీటీ రకం లోపల తీగచుట్టిన కాయిల్ ఉంటుంది, ఒక చిన్న బుర్ర కూడా ఉంటుంది. ప్యానెల్ ఏ వోల్టేజీ దగ్గర ఎక్కువ వాట్లు ఇస్తోందో వెతుక్కుంటూ అక్కడే నిలబెడుతుంది. ఆ పవరుని బ్యాటరీకి సరిపడా కిందికి మారుస్తుంది. దుక్కిలో ట్రాక్టర్ చిన్న గేరు వేస్తే వేగం తగ్గి లాగుడు పెరిగినట్టే, ఇక్కడ వోల్టులు తగ్గి ఆంప్స్ పెరుగుతాయి. మధ్యలో వందకి ఐదు పాళ్లు వేడిగా పోతుంది.

బావ ప్యానెల్‌కి అది పెట్టి మళ్లీ కొలిచాం. ప్యానెల్ దగ్గర 31 వోల్టులు, 8 ఆంప్స్. బ్యాటరీ దగ్గర 13.1 వోల్టులు, 18 ఆంప్స్. కాగితం మీద 37.5 ఉంటే 31 ఏమిటని బావకి మళ్లీ అనుమానం. ఆ కాగితం లెక్క ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. అనంతపురం ఎండలో ప్యానెల్ అద్దం 65 డిగ్రీలకి ఎక్కుతుంది, ఎక్కేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. 330 వాట్ల ప్యానెల్ మన వేసవిలో 250 ఇస్తే సంతోషించాలి.

ఈ వేడి సంగతే అసలు ఎంపికలో కీలకం. "ఎంపీపీటీ పెడితే 30 శాతం ఎక్కువ" అని అమ్మేవాళ్లు చెబుతారు. అది చలి దేశాల్లో, 12 వోల్టుల ప్యానెల్‌తో, బాగా దిగిపోయిన బ్యాటరీ మీద కొలిచినప్పుడు నిజం కావచ్చు. మన దగ్గర 12 వోల్టుల ప్యానెల్ పనిచేసే వోల్టేజీ కాగితం మీద 18 అయినా, మధ్యాహ్నానికి 15కి జారుతుంది. బ్యాటరీ 13 దాటి ఉంటుంది. రెంటి మధ్య మిగిలింది రెండు వోల్టులే, అందులో కంట్రోలర్ తినేది పోగా లాభం పదో వంతు ఉంటే గొప్ప. బ్యాటరీ 14.4 దగ్గరికి వచ్చేసరికి అదీ ఉండదు.

అందుకే కంట్రోలర్ కంటే ముందు ప్యానెల్‌ని చూడాలి. దాని మీది గళ్లు లెక్కపెట్టండి. పాత తరహా ప్యానెల్‌లో 36 గళ్లుంటే అది 12 వోల్టుల బ్యాటరీ కోసం చేసింది, పీడబ్ల్యూఎం చాలు. 72 ఉంటే 24 వోల్టులది. ఇప్పుడు ఇళ్ల కప్పుల మీద పెడుతున్న పెద్ద ప్యానెళ్లలో సగానికి కోసిన గళ్లు 144 ఉంటాయి. వోల్టేజీ మాత్రం 72 గళ్ల ప్యానెల్‌కి దగ్గరగానే ఉంటుంది. వీటికి 12 వోల్టుల బ్యాటరీ పెట్టదలిస్తే ఎంపీపీటీ తప్ప దారి లేదు. రెండు బ్యాటరీలు వరసగా కలిపి 24 చేస్తే పీడబ్ల్యూఎం మళ్లీ పనికొస్తుంది.

బావకి ఇంకో దారీ ఉండేది. 36 గళ్ల 160 వాట్ల ప్యానెళ్లు రెండు పక్కపక్కనే కలిపి ఉంటే, ఆ చవక కంట్రోలర్ మీదే 17 ఆంప్స్ వచ్చేవి. ఎంపీపీటీ ఇచ్చినదానికి ఒక ఆంప్ తక్కువ, అంతే. అయితే వాట్ లెక్కన చిన్న ప్యానెళ్లు ప్రియం. పెద్దవి ఊళ్లలోకి లారీల కొద్దీ దిగుతున్నాయి, చవక. ఆ చవకలో మిగిలిన డబ్బు ఎంపీపీటీకి పోతుంది. పైగా ప్యానెల్ షెడ్డుకి దూరంగా ఉంటే, ఎక్కువ వోల్టేజీ తక్కువ కరెంటుతో వస్తుంది కనుక సన్నటి వైరు సరిపోతుంది. బావ ప్యానెల్ ముందే కొనేశాడు కాబట్టి మాకు ఆలోచించే పని లేకపోయింది.

కొనేటప్పుడు కొంప ముంచేది పెట్టె మీది అక్షరాలు. ఎంపీపీటీ అని రాసి లోపల పీడబ్ల్యూఎం పెట్టి అమ్మేవి బజార్లో బోలెడు. చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది. కాయిల్, వేడి పోవడానికి అల్యూమినియం రెక్కలు ఉన్నది బరువుంటుంది. అగ్గిపెట్టెలా తేలిగ్గా ఉండి ఏడెనిమిది వందలకు వస్తే అనుమానించాలి. ఖాయంగా తేల్చేది మల్టీమీటరే. ఎండ బాగా ఉండి, బ్యాటరీ ఆకలి మీద ఉన్నప్పుడు ప్యానెల్ వైర్ల దగ్గర కొలవండి. 72 గళ్ల ప్యానెల్ పెట్టి కూడా 13 చూపిస్తే అది ఎంపీపీటీ కాదు.

రెండోది, అది తట్టుకునే గరిష్ఠ వోల్టేజీ. లోడు లేనప్పుడు బావ ప్యానెల్ 46 వోల్టులు చూపిస్తుంది, చలి పొద్దున ఇంకా పెరుగుతుంది. 50 వోల్టుల కంట్రోలర్‌కి అది అంచు. అలాంటివి రెండు వరసగా కలిపితే 92, లంబసింగి లాంటి చోట డిసెంబరు తెల్లవారుజామున 100కి దగ్గరవుతుంది. హద్దు దాటిన కంట్రోలర్ ఒక్క క్షణంలో కాలిపోతుంది, వారంటీ కూడా రాదు.

ప్యానెల్ ఎంత పెంచినా బ్యాటరీ మింగేదానికి ఒక లెక్క ఉంది. 150 ఏహెచ్ ట్యూబులర్‌కి మామూలుగా 15 ఆంప్స్, అంటే పదో వంతు. మధ్యాహ్నం కాసేపు 18 పోయినా ఫరవాలేదు కానీ ఇంకో ప్యానెల్ తగిలిస్తే నీళ్లు మరిగిపోవడం తప్ప లాభం లేదు.

బిగించిన రోజు ఒక తప్పు చేయబోయాం. మిస్త్రీ ముందు ప్యానెల్ వైర్లు పెట్టబోతే ఆపాను. ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. చాలా కంట్రోలర్లు మొదట తగిలిన వోల్టేజీని బట్టే అది 12 సిస్టమా, 24 సిస్టమా అని నిర్ణయించుకుంటాయి. బ్యాటరీ లేకుండా 46 కనబడితే పొరబడతాయి.

పాత పీడబ్ల్యూఎంని బావ పారేయలేదు. పశువుల కొట్టంలో 36 గళ్ల 40 వాట్ల ప్యానెల్, ఒక చిన్న బ్యాటరీ, రెండు బల్బులకి తగిలించాడు. అక్కడ ఇంతవరకు ఒక్క రాత్రి కూడా ఆగలేదు.