రెండో బాక్స్ ఆన్ చేస్తే బొమ్మ చెదిరేదెందుకు?

హాల్లో టీవీ బాక్స్ వైఫై మీద, పడకగదిలో బాక్స్ కేబుల్ మీద. రెండోది వేరే ఛానల్ పెట్టగానే హాల్లో బొమ్మ గళ్లుగళ్లుగా పగులుతుంది. నెట్ ప్లాన్ పెంచినా ఫలితం ఉండదు.

ఐపీటీవీ ఛానల్ మల్టీకాస్ట్‌గా, అంటే అడిగిన బాక్సులన్నిటికీ ఒకే ప్రవాహంగా వస్తుంది. ఎవరు అడిగారో పట్టించుకోని స్విచ్ మాత్రం దాన్ని అన్ని పోర్టుల్లోకీ వదులుతుంది, వైఫై పెట్టెలోకి కూడా. వైఫై మల్టీకాస్ట్‌ను అత్యల్ప వేగంతో, తరచూ 6 ఎంబీపీఎస్‌తో పంపుతుంది. పోయిన ప్యాకెట్లను మళ్లీ పంపదు. 4 ఎంబీపీఎస్ ఛానల్ ఒకటైతే పడుతుంది. రెండైతే 8, అక్కడే గళ్లు.

మందు ఐజీఎంపీ స్నూపింగ్. బాక్స్ పంపే ‘ఈ ఛానల్ కావాలి’ కబురును స్విచ్ చాటుగా విని, ఆ పోర్టుకే పంపుతుంది. దీంతో పడకగది ఛానల్ వైఫై జోలికి రాదు.

ఇక్కడో మెలిక ఉంది. ‘ఇంకా చూస్తున్నారా’ అని మామూలుగా 125 సెకన్లకోసారి అడిగే క్వెరియర్ ఉండాలి, సాధారణంగా ఆ పని రౌటర్‌ది. అది లేకపోతే స్విచ్ జాబితా చెరిగిపోతుంది. బొమ్మ నాలుగు నిమిషాలు చక్కగా ఆడి, ఠక్కున ఆగిందంటే చూడాల్సింది క్వెరియర్‌నే.