అప్పీలు తెలుగులోనా, ఇంగ్లీషులోనా?

యూట్యూబ్‌లో ఆదాయం కోసం చేసుకున్న దరఖాస్తు తిరస్కరణకు గురైనా, వస్తున్న ఆదాయం ఆగిపోయినా అప్పీలు చేసుకునే దారి ఒకటుంటుంది. అక్కడే చాలామంది తెలుగువాళ్లు తటపటాయిస్తారు. తెలుగులో చెబితే అర్థం చేసుకునేవాళ్లు అవతల ఉంటారా? వచ్చీరాని ఇంగ్లీషులో రాస్తే అసలు విషయమే చెడుతుందా? ఈ ప్రశ్నలకు జవాబు మనకు ఏ భాష బాగా వచ్చన్నదాంట్లో సగమే ఉంది. మిగతా సగం, ఆ అప్పీలు ఎవరి చేతికి వెళ్తుంది, వాళ్లు దాన్ని ఏ నిబంధనతో సరిచూస్తారు అన్నదాంట్లో ఉంది.

తిరస్కరణకు తరచుగా చూపే కారణాల్లో Reused content ఒకటి. ఇతరుల దృశ్యాలను తీసుకుని, వాటికి సొంతంగా చెప్పుకోదగ్గది ఏమీ చేర్చకుండా మళ్లీ పెట్టారని దీని భావం. దీనిపై 21 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలును వీడియో రూపంలో పంపవచ్చు. అది 5 నిమిషాల లోపే ఉండాలి. మొదటి 30 సెకన్లలో ఛానెల్ చిరునామా కనిపించాలి. ఒక్క వీడియో గురించి వాదించకుండా, ఛానెల్ మొత్తంలో వీడియోలు ఎలా తయారవుతున్నాయో కళ్లకు కట్టేలా చూపాలి. దాన్ని అదే ఛానెల్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు ఇవ్వాలి. భాష విషయానికొస్తే, సపోర్టు బృందానికి తెలిసిన భాషలో మాట్లాడాలి, లేదా మన భాషలో మాట్లాడి వాళ్ల భాషలో క్యాప్షన్లు జోడించాలి. గడువు, నియమాలు మారుతుంటాయి కాబట్టి రికార్డు చేసే ముందు యూట్యూబ్ స్టూడియోలోని అప్పీలు పేజీని ఒకసారి చదువుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు మిర్చి యార్డు ధరలను రోజూ వివరించే ఛానెల్ ఒకటి ఉందనుకోండి. యార్డులో బస్తాలు, వేలంపాట, రకరకాల కాయలు అన్నీ ఆ యువకుడు తన ఫోనుతోనే తీస్తాడు. ఎగుమతుల వార్త చెప్పేటప్పుడు మాత్రం వార్తా ఛానెళ్ల క్లిప్పులు కొన్ని సెకన్లు వాడతాడు. దరఖాస్తు తిరస్కరించారు. అతను తెలుగులో ఇలా రాశాడనుకుందాం: ‘సార్, మా వీడియోలు అన్నీ నేనే తీశాను, మా అన్నయ్య ఎడిటింగ్ చేస్తారు, ఎవరివీ వాడలేదు, మా కష్టాన్ని గుర్తించండి.’

తెలుగువాడికి ఇందులో తికమక ఏమీ లేదు. తెలుగు రానివాళ్లకు ఇది యంత్రానువాదంగా చేరితే చిక్కు మొదలవుతుంది. తీయడం అంటే చిత్రీకరించడమూ అవుతుంది, తొలగించడమూ అవుతుంది. ‘నేనే తీశాను’ కాస్తా ‘నేనే తొలగించాను’గా మారితే, తప్పు ఒప్పుకుని వీడియోలు తీసేసినట్టు కనిపిస్తుంది. ‘మా వీడియోలు’ అన్నప్పుడు ఛానెల్ ఒకరిదా, నలుగురిదా అన్నది తేలదు. అన్నయ్యకు మర్యాదగా వాడిన ‘చేస్తారు’ బహువచనమైపోయి, ఎవరో బయటివాళ్లు చేసిపెడుతున్నారనే అర్థం రావచ్చు. ఇదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగుగా రాస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. స్పెల్లింగు ఒక్కొక్కరిది ఒక్కో తీరు కాబట్టి యంత్రానికి అది ఏ భాషో కూడా తెలియకపోవచ్చు. ఈ మూడు దారుల్లో అన్నిటికంటే చెడ్డది ఇదే.

పై వాక్యంలో భాషకు సంబంధం లేని లోపం కూడా ఒకటుంది. ‘ఎవరివీ వాడలేదు’ అన్నది నిజం కాదు. వార్తల క్లిప్పులు ఛానెల్‌లో కనిపిస్తూనే ఉన్నాయి. అవి చూసిన సమీక్షకుడు మిగతా మాటలను కూడా నమ్మడు. క్లిప్పులు ఎక్కడ వాడారో, వాటి మీద తన వివరణ ఎంత ఉందో చెప్పడమే అతనికి మేలు.

అదే అప్పీలును ఇలా తిరగరాయవచ్చు. ‘ఈ ఛానెల్ నాది. యార్డు దృశ్యాలను నా ఫోనుతో నేనే చిత్రీకరిస్తాను. గొంతు నాదే. నా సోదరుడు ఎడిట్ చేస్తాడు. ఎగుమతుల వార్తల్లో కొద్ది సెకన్లు వార్తా ఛానెళ్ల క్లిప్పులు ఉన్నాయి. వాటి మీద నా విశ్లేషణ వినిపిస్తుంది.’ ప్రతి వాక్యంలోనూ కర్త ఉంది, ఒక్కో వాక్యంలో ఒక్కటే విషయం ఉంది. ఇప్పుడు దీన్ని ఇంగ్లీషులోకి మార్చడం తేలిక. వీడియోలో అతను ఈ మాటలు తెలుగులోనే చెబుతూ ఫోనులోని ముడి ఫుటేజీని, ఎడిటింగ్ ప్రాజెక్టును తెరిచి చూపాలి. మాట తడబడకుండా ఉంటుంది, ఛానెల్‌లో వినిపించే గొంతు తనదేనన్న రుజువూ దొరుకుతుంది. కింద ఇంగ్లీషు క్యాప్షన్లు ఉండాలి. వాటిని స్టూడియోలోని సబ్‌టైటిల్స్ విభాగంలో టైపు చేయవచ్చు, లేదా ఎస్‌ఆర్‌టీ ఫైలుగా ఎక్కించవచ్చు:

```
1
00:00:31,000 --> 00:00:35,000
I filmed this at the Guntur chilli yard
on my own phone.
```

ఇంగ్లీషు అంతగా రానివాళ్లు అనువాద యాప్ వాడవచ్చు గానీ, అక్కడితో ఆగకూడదు. వచ్చిన ఇంగ్లీషును మళ్లీ తెలుగులోకి మార్చి చదవాలి. ‘చిత్రీకరిస్తాను’ అన్నది ‘తొలగిస్తాను’గా తిరిగొస్తే తెలుగు వాక్యాన్నే మార్చి రాయాలి. నిబంధన పేరును మాత్రం అనువదించకుండా మెయిలులో ఉన్నట్టే ఉంచాలి. సమీక్షకుడు సరిచూసేది ఆ పేరు కింద ఉన్న నిబంధననే. తెలుగులో ఉన్న రశీదో, ఉత్తరమో జతచేస్తే, అదేమిటో ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాస్తే చాలు. కుటుంబ కష్టాలు, పొగడ్తలు, పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు ఏ నిబంధనకూ జవాబు కావు. వాటి వల్ల అసలు విషయం అడుగున పడిపోతుంది.

అయితే ఇంగ్లీషు అన్నిచోట్లా అవసరం లేదు. బ్యాంకు మీద ఫిర్యాదును 30 రోజుల్లో ఆ బ్యాంకు పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2021 నవంబరు 12న ఏకీకృత అంబుడ్స్‌మన్ పథకం మొదలైనప్పుడు, ఉత్తరం ద్వారా గానీ ఈమెయిలు ద్వారా గానీ ఏ భాషలో ఫిర్యాదు వచ్చినా తీసుకునేందుకు చండీగఢ్‌లో ప్రత్యేక కేంద్రాన్ని ఏర్పాటు చేశారు. ఇలాంటి చోట మనకు బాగా వచ్చిన తెలుగులోనే రాయడం మంచిది. డబ్బు ఎప్పుడు పోయింది, బ్యాంకుకు ఎప్పుడు చెప్పాం, వాళ్లేమన్నారు అన్న వరుస సొంత భాషలోనే తప్పిపోకుండా వస్తుంది. తేదీలు, మొత్తాలు, లావాదేవీ నంబర్లు మాత్రం అంకెల్లో, బ్యాంకు పత్రంలో ఉన్నట్టే రాయాలి.

మన మాట అవతలివాళ్లకు చేరిందో లేదో జవాబును బట్టి కొంత తెలుస్తుంది. మనం ముందే చెప్పిన విషయాన్నే మళ్లీ అడిగితే, లేదా అడగని దానికి జవాబిస్తే, మాట చేరలేదనే అనుకోవాలి. మళ్లీ రాసే అవకాశం ఉంటే అదే వాక్యాలను పొడిగించి పంపకుండా, కర్త, తేదీ, నిబంధన ప్రతి వాక్యంలోనూ స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. మాట చేరినా నిర్ణయం మనకు అనుకూలంగా వస్తుందని చెప్పలేం. ఛానెల్‌లో నిజంగానే ఇతరుల వీడియోలు నిండి ఉంటే ఏ భాషా దాన్ని కాపాడలేదు.

కాబట్టి అప్పీలు అందుకునేది విదేశీ సంస్థ అయి, తెలుగులో సపోర్టు ఉందని వాళ్లే చెప్పకపోతే చిన్న చిన్న వాక్యాల ఇంగ్లీషులో రాయండి. వీడియో అయితే తెలుగులో మాట్లాడి, మీరే సరిచూసిన ఇంగ్లీషు క్యాప్షన్లు పెట్టండి. తెలుగును అంగీకరించే మన దేశపు వ్యవస్థలకు తెలుగు లిపిలోనే రాయండి. ఇంగ్లీషు అక్షరాల తెలుగును మాత్రం ఎక్కడికీ పంపకండి.