నునుపు చేస్తే సన్నబడే రక్తనాళం

పొట్టకు తీసిన ఒక సీటీ స్కాన్ నుంచి కంప్యూటర్ రక్తనాళాల త్రీడీ బొమ్మ గీసిందనుకుందాం. అందులో రెండు నాళాలను చూద్దాం. ఒకటి గుండె నుంచి కిందికి దిగే బృహద్ధమని. పొట్ట దగ్గర దాని వ్యాసం సుమారు 20 మిల్లీమీటర్లు. రెండోది దాని కొమ్మల్లో ఎక్కడో చివరన ఉన్న సన్నని నాళం, వ్యాసం 2 మిల్లీమీటర్లు. రెండింటి గోడలూ గరుగ్గా, మెట్లుమెట్లుగా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో నునుపు చేసే ఆదేశం ఇచ్చి, పది విడతలు నడిపాం. గరుకు పోయింది. బృహద్ధమని ఎప్పటిలాగే ఉంది. చిన్న నాళం మాత్రం సగానికి సగం చిక్కిపోయింది. రోగి ఒంట్లో ఏ మార్పూ లేదు. నాళాన్ని ఇరుకు చేసింది లెక్క.

ఈ లెక్క ఏమిటో, ఎందుకిలా చేస్తుందో తెలుసుకోవడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ఒక కాగితం, ఒక వృత్తలేఖిని చాలు.

ముందు ఆ గరుకు ఎక్కడిదో చూద్దాం. సీటీ స్కాన్ శరీరాన్ని పలుచని పొరలుగా కోసినట్టు చూపిస్తుంది. ఒక్కో పొరా చిన్నచిన్న గళ్ల కూర్పు. నాళం గోడ నిజానికి గుండ్రంగా ఉన్నా, గళ్లలోకి వచ్చేసరికి మెట్ల ఆకారం వస్తుంది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన విలియం లోరెన్సెన్, హార్వీ క్లైన్ 1987లో ప్రకటించిన ‘మార్చింగ్ క్యూబ్స్’ పద్ధతి ఈ గళ్ల నుంచి త్రిభుజాలతో అల్లిన వలను తయారుచేస్తుంది. దాన్నే మెష్ అంటారు. వలలో ముళ్లు పడే చోట్లే శీర్షాలు. గళ్ల మెట్లూ, స్కానర్ కొలతల్లోని చిన్నచిన్న తప్పులూ కలిసి ఈ శీర్షాలను ఉండాల్సిన చోటి నుంచి కాస్త ఇటూ అటూ జరుపుతాయి. తెర మీద కనిపించే గరుకు అదే.

దాన్ని పోగొట్టే ఉపాయం చాలా సులువైనది. ఒక శీర్షాన్ని తీసుకోండి. దానితో గీతల ద్వారా కలిసిన పొరుగు శీర్షాలు మామూలుగా ఐదో ఆరో ఉంటాయి. ఆ ఇరుగుపొరుగుల సగటు స్థానం కట్టి, మన శీర్షాన్ని అటువైపు సగం దూరం జరపాలి. వలలోని శీర్షాలన్నిటికీ ఇదే పని చేస్తే ఒక విడత అయినట్టు. పైకి పొడుచుకొచ్చిన శీర్షం పొరుగుల మాట విని కిందికి దిగుతుంది, లోపలికి కుంగింది పైకి లేస్తుంది. దీన్ని లాప్లాసియన్ స్మూతింగ్ అంటారు.

ఇప్పుడు కాగితం తీసుకుందాం. 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, గడియారంలో అంకెలుండే చోట పన్నెండు చుక్కలు పెట్టండి. నాళాన్ని అడ్డంగా కోస్తే కనిపించే వలయం ఇదేననుకోండి. ఇందులో గరుకు లేదు, అన్ని చుక్కలూ సరిగ్గా ఉన్నాయి. పన్నెండు గంటల చుక్కకు పొరుగులు పదకొండు, ఒకటి. ఆ రెంటినీ గీతతో కలిపి మధ్యబిందువు గుర్తించండి. అది కేంద్రం నుంచి 8.66 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. మన చుక్క ఉన్నది 10 దగ్గర. అటువైపు సగం జరిపితే 9.33కి వస్తుంది. మిగతా పదకొండు చుక్కలదీ ఇదే గతి. సరిచేయాల్సిన తప్పు ఒక్కటీ లేని వలయం, ఒక్క విడతలోనే దాదాపు ఏడు శాతం కుంచించుకుపోయింది.

కారణం బొమ్మలోనే ఉంది. ఉబ్బెత్తుగా వంగిన గీత మీద ఏ చుక్కను తీసుకున్నా, దాని పొరుగులను కలిపే గీత లోపలి వైపునుంచే పోతుంది. కాబట్టి సగటు ఎప్పుడూ లోపలే ఉంటుంది. చుక్క పొడుచుకొచ్చింది గరుకు వల్లనా, నాళం సహజంగా గుండ్రంగా ఉండటం వల్లనా అన్న విచక్షణ సగటుకు లేదు. రెండింటినీ ఒకే తప్పుగా చూసి లోపలికి లాగుతుంది. రెండో విడతలో 9.33లో మళ్లీ ఏడు శాతం పోతుంది. పది విడతలయ్యేసరికి వ్యాసార్థం సరిగ్గా 5 సెంటీమీటర్ల దగ్గరికి చేరుతుంది. వ్యాసం సగమైతే రక్తం పారే వైశాల్యం పావు వంతే మిగులుతుంది.

ఇప్పుడు అదే వలయానికి గరుకు పెడదాం. ఒక చుక్క 10.5 దగ్గర, పక్కది 9.5 దగ్గర, ఇలా ఒకటి విడిచి ఒకటి. ఎత్తుపల్లాల తేడా ఒక సెంటీమీటరు. ఒక్క విడత నడిపితే 10.5లో ఉన్నవి 9.36కీ, 9.5లో ఉన్నవి 9.30కీ వస్తాయి. సెంటీమీటరు తేడా ఒక మిల్లీమీటరు కూడా లేకుండా పోయింది. అంటే గరుకు దాదాపు మొత్తం మొదటి విడతలోనే పోయింది. తర్వాతి తొమ్మిది విడతలూ చేసిన పనల్లా నాళాన్ని తినేయడమే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

మరి బృహద్ధమనికి ఏమీ కాలేదెందుకు? వలలో శీర్షాల మధ్య దూరం రెండు నాళాలకూ ఒకటే, సుమారు అర మిల్లీమీటరు. ఆ లెక్కన 2 మిల్లీమీటర్ల నాళం చుట్టూ పట్టేవి పన్నెండు శీర్షాలు. 20 మిల్లీమీటర్ల బృహద్ధమని చుట్టూ నూట ఇరవై పడతాయి. అన్ని చుక్కలున్నప్పుడు పక్కపక్క మూడు చుక్కలూ దాదాపు ఒకే గీత మీద ఉన్నట్టుంటాయి. సగటు లోపలికి లాగే దూరం అత్యల్పం. పది విడతల తర్వాత 20 మిల్లీమీటర్లు 19.86 అవుతుంది, అంతే. అదే పది విడతల్లో 2 మిల్లీమీటర్లు 1 అయింది. మెష్ ఎప్పుడూ అంతటా సమానంగా కుదించుకుపోదు. సన్నని చోట, బాగా వంగిన చోట ముందు పోతుంది. కుందేలు బొమ్మయితే చెవులు, మనిషి బొమ్మయితే వేళ్లు, ముక్కు కొస.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన కాగితం మీది వలయానికి పక్క పొరుగులే ఉన్నారు. అసలు నాళంలో పొడవు వెంట ఉండే పొరుగులూ ఉంటారు. వాళ్లు శీర్షాన్ని లోపలికి లాగరు, కాబట్టి చిక్కిపోయే వేగం తగ్గుతుంది. పది విడతల్లో జరిగే నష్టం ఇరవై విడతల్లో జరగొచ్చు. వేగమే మారుతుంది, చేరే చోటు మారదు.

పోయిన ఘనపరిమాణాన్ని తిరిగి ఇచ్చేద్దామన్నది వెంటనే తట్టే ఉపాయం. నునుపు చేశాక బొమ్మ మొత్తాన్ని పాత ఘనపరిమాణం వచ్చేదాకా సాగదీయడం. గుండ్రని బంతికి ఇది బాగానే పనిచేస్తుంది. మన బొమ్మకు పనికిరాదు. మొత్తం ఘనపరిమాణంలో ఎక్కువ భాగం బృహద్ధమనిది, అది పోగొట్టుకున్నది బహుకొద్ది. అందువల్ల సాగదీయాల్సింది కూడా ఒక శాతం లోపే. బృహద్ధమని లెక్క సరిపోతుంది, చిన్న నాళం మాత్రం 1 మిల్లీమీటరు దగ్గరే ఉండిపోతుంది.

అసలైన దారి చూపింది ఐబీఎం పరిశోధకుడు గాబ్రియెల్ టాబిన్, 1995లో. ఆయన ఒక్క అడుగును రెండు చేశారు. మొదటి అడుగు మామూలుదే, సగటువైపు 0.5 వంతు లోపలికి. రెండో అడుగులో కొత్త సగటు కట్టి, దానికి ఎదురు దిక్కుగా, కాస్త ఎక్కువగా, 0.53 వంతు బయటికి. మెష్‌ల పనికి చాలామంది వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ మెష్‌ల్యాబ్‌లో `Taubin Smooth` అనే ఆదేశం తెరిస్తే `lambda` దగ్గర 0.5, `mu` దగ్గర -0.53 అని కనిపించేవి ఈ రెండే.

లోపలికి లాగి మళ్లీ బయటికి తోస్తే గరుకు తిరిగొచ్చేయదా? మన గరుకు వలయంతోనే చూద్దాం. మొదటి అడుగులో చుక్కలు 9.36కీ, 9.30కీ వచ్చాయి. రెండో అడుగు తర్వాత అవి 10.06, 9.93 అవుతాయి. వ్యాసార్థం తిరిగి 10 చేరువకు వచ్చింది. తేడా కాస్త పెరిగినా 0.13 సెంటీమీటర్లే, మొదట ఉన్నది ఒక సెంటీమీటరు. ఇంకో జత అడుగులు వేస్తే ఆ తేడా 0.2 మిల్లీమీటర్లకు దిగుతుంది. గరుకు మొదటి అడుగులోనే దాదాపు హరించుకుపోయింది కాబట్టి, రెండో అడుగు దాన్ని రెట్టింపు చేసినా మిగిలేది కొంచెమే. గుండ్రదనం మాత్రం మొదటి అడుగులో ఏడు శాతమే పోయింది, రెండో అడుగు అంతటినీ తిరిగి ఇచ్చేసింది. పది జతలు వేసినా వ్యాసార్థం 9.93 దగ్గర నిలుస్తుంది. పాత పద్ధతిలో 5కి దిగిన వలయం ఇదే.

దీనికీ ఒక హద్దు ఉంది. నాళం ఇంకా సన్నమై, వ్యాసం 1 మిల్లీమీటరు అయితే, చుట్టూ ఆరు శీర్షాలే పడతాయి. ఆరు చుక్కల వలయానికి పది జతల టాబిన్ అడుగులు వేస్తే వ్యాసార్థంలో 59 శాతమే మిగులుతుంది. ఆరు చుక్కలతో గీసిన వంపు ఈ పద్ధతికి కూడా గరుకులాగే కనిపిస్తుంది. ఏ రకం నునుపుదనానికైనా స్కాన్‌లో లేని వివరాన్ని కాపాడే శక్తి లేదు. పదునైన అంచులదీ ఇదే కథ. టాబిన్ అడుగులు బొమ్మ చిక్కిపోకుండా ఆపుతాయే గాని, యంత్రభాగం మూలల్లోని పదునును నిలబెట్టలేవు. ఆ పనికి అంచులను గుర్తించి వాటికి అడ్డంగా సగటు కట్టని వేరే పద్ధతులున్నాయి.

చిక్కిపోయిందో లేదో కంటితో పట్టుకోవడం కష్టం. నునుపైన బొమ్మ గరుకు బొమ్మకంటే నిజంగా ఉన్నట్టే అనిపిస్తుంది. మొత్తం ఘనపరిమాణం చూసినా తెలియదు. మన ఉదాహరణలో చిన్న నాళం సగమైపోయినా ఆ అంకె పెద్దగా కదలదు. చేయాల్సింది మొదటి బొమ్మను దాచి ఉంచి, ప్రతి శీర్షం ఎంత దూరం జరిగిందో కొలవడం. ఆ దూరం స్కాన్ గడి కొలత కన్నా ఎక్కువున్న చోట పోయింది గరుకొక్కటే కాదు. పన్నెండు చుక్కలున్న చోట ఆ దూరం అర మిల్లీమీటరు వచ్చిందంటే, అక్కడ నాళం సగమైనట్టే.

కాబట్టి నునుపు చేసిన మెష్‌ను చూడటానికి వాడండి, కొలవడానికి వాడకండి. నాళం ఎంత ఇరుకుగా ఉందో తేల్చాల్సి వస్తే, అసలు స్కాన్ పొరల మీదే కొలవాలి. తప్పనిసరై మెష్ మీదే కొలిస్తే, అన్నిటికన్నా సన్నని చోట, నునుపు చేయకముందొకసారి, చేశాక ఒకసారి కొలిచి, రెండంకెలూ పక్కపక్కన రాసి పెట్టండి.