నెలకు పది కిలోల వాగ్దానాన్ని తూచడం ఎలా?

కర్నూలు, కడప పట్టణాల్లో గోడల మీదా చరవాణి తెరల మీదా కనిపించే బరువు తగ్గింపు ప్రకటనలన్నింటిలోనూ దాదాపు ఒకే వాగ్దానం ఉంటుంది: ఒక నెల, పది కిలోలు. దీన్ని నమ్మాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి వైద్యవిద్య అక్కరలేదు, చిన్న లెక్క చాలు. శరీరంలో పేరుకున్న ఒక కిలో కొవ్వు కణజాలంలో సుమారు 7,700 కిలోకెలరీల శక్తి ఉంటుంది. కెలరీ అంటే ఆహారంలోనూ శరీరంలోనూ ఉన్న శక్తిని కొలిచే ప్రమాణం. 75 కిలోల బరువుండి, ఎక్కువ శ్రమ లేని ఉద్యోగం చేసే నడివయసు స్త్రీ శరీరం రోజుకు 1,900 కిలోకెలరీలు ఖర్చు చేస్తుందనుకుందాం. పది కిలోల కొవ్వు కరగాలంటే 77,000 కిలోకెలరీల లోటు ఏర్పడాలి, అంటే ముప్పై రోజుల పాటు రోజుకు 2,560కి పైగా లోటుండాలి. ఆమె నెలంతా మెతుకు ముట్టకపోయినా రోజుకు 1,900కి మించి లోటు రాదు. కనుక ఆ ప్రకటన కొవ్వు గురించి చెబుతున్నదైతే అది అసాధ్యం; కాకపోతే, తగ్గుతున్నది మరేదో.

ఆ మరేదో ఏమిటన్నది తెలుగువారికి బాగా పరిచయమైన ఒక ఉదాహరణతో అర్థమవుతుంది. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ సభల ద్వారా, యూట్యూబ్ ద్వారా ప్రచారం చేసిన ఆహార పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వీఆర్‌కే డైట్ అన్న పేరుతో మారుమోగింది. ఆయన వైద్యుడు కారు. అన్నం, రొట్టె, పప్పులు, పండ్లు దాదాపుగా మానేసి, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు (ముఖ్యంగా కొబ్బరినూనె, నెయ్యి వంటివి), నాలుగు లీటర్ల నీరు, మూడు నిమ్మకాయలు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు తీసుకోవాలన్నది ఆ పద్ధతికి పునాది. బరువు తగ్గుతుందన్న మాటతో పాటు మధుమేహం నుంచి విముక్తి కలుగుతుందన్న మాట కూడా దాని ఆదరణకు కారణమైంది. పలువురు వైద్యులు టీవీ చర్చల్లో దాన్ని గట్టిగా ఆక్షేపించారు. ఆ చర్చల్లో వాదన తరచు వ్యక్తుల మీదికి మళ్లిందే తప్ప పద్ధతి లోపల జరిగేదేమిటన్నది సామాన్య ప్రేక్షకుడికి అంతగా అందలేదు.

పిండిపదార్థాలు మానిన వెంటనే శరీరం ముందుగా గ్లైకోజెన్‌ను వాడుకుంటుంది. కాలేయంలోనూ కండరాల్లోనూ నిల్వ ఉండే ఈ పిండిపదార్థం పెద్దవారిలో 400 నుంచి 500 గ్రాముల వరకు ఉంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. కనుక నిల్వ ఖాళీ అయ్యేసరికి దానితో పాటు నీరు కూడా పోయి, వారం పది రోజుల్లోనే తూకంలో కిలోన్నర నుంచి రెండు కిలోలు తగ్గుతాయి. ఇదే సమయంలో ఇన్సులిన్ తగ్గడం వల్ల మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా వదిలేస్తాయి, ఉప్పు వెంట మరికొంత నీరు వెళుతుంది. పై లెక్కలోని స్త్రీ రోజుకు 1,200 కిలోకెలరీలు మాత్రమే తిని 700 లోటుతో నెల గడిపితే కరిగే కొవ్వు 2.7 కిలోలు, నీటిని కలిపితే తూకం నాలుగున్నర కిలోల తగ్గుదల చూపుతుంది. రెండో నెలలో నీటి వాటా ఉండదు, బరువు తగ్గిన శరీరం ఖర్చు కూడా కొంత తగ్గించుకుంటుంది, దానితో తగ్గుదల రెండున్నర కిలోలకు దిగుతుంది. ప్రకటనల్లో మొదటి నెలే ఎందుకు కనిపిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. తూకం అబద్ధం చెప్పదు, కానీ పోయినది కొవ్వా నీరా కండరమా అన్నది కూడా అది చెప్పదు. అతి తక్కువ తిండితో, తగిన మాంసకృత్తులు లేకుండా నడిచే పద్ధతుల్లో కండ కరగడం వల్ల కూడా కిలోలు వేగంగా పడిపోతాయి. ఆ వేగాన్నే గొప్పగా చూపించే కేంద్రాలు లేకపోలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తన మార్గదర్శకాల్లో వారానికి అర కిలో తగ్గుదలను సురక్షితమని, బరువు తగ్గించే ఆహారం రోజుకు 1,000 కిలోకెలరీలకు తగ్గకూడదని పేర్కొంది. ఇంతకంటే తక్కువ తిండి పెట్టే ఏ కార్యక్రమమైనా వైద్యుడి పర్యవేక్షణ లేకుండా సాగడం సమ్మతం కాదు.

వాగ్దానంలోని నిజాయితీ తరువాత పరిశీలించవలసినది భద్రత, దాన్ని కొలిచేందుకు ఒకే ఒక్క ప్రశ్న చాలావరకు సరిపోతుంది: చేరే ముందు వాడుతున్న మందుల గురించి అడిగారా, అడిగినవారికి వాటిని మార్చే అర్హత ఉందా? తిండిలో పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గితే, ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గానీ పాత మోతాదులో వాడుతున్న రోగికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. దానికి విరుగుడుగా మందులన్నీ ఒక్కసారి మానేస్తే, ఇన్సులిన్ తప్పనిసరి అయినవారికి ప్రాణాపాయమే. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ జాతి మందుల సంగతి మరింత జటిలమైనది. చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపే ఈ మాత్రలు వాడుతూ పిండిపదార్థాలు మానేసినవారిలో, కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో మితిమీరి పేరుకునే కీటోఅసిడోసిస్ అనే స్థితి ఏర్పడవచ్చు, పైగా ఆ సమయంలో చక్కెర మామూలుగానో స్వల్ప హెచ్చుగానో ఉంటుంది. ఇంట్లో గ్లూకోమీటరు చూసి అంతా బాగుందనుకునే రోగికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మాత్రమే హెచ్చరికలు. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశంలో 2020లో ముగిశాక చవకైన మాత్రలు విస్తారంగా వచ్చాయి గనుక, 2018లో విన్న సలహాను నేడు అదే తీరుగా పాటించడంలో అప్పటికంటే ప్రమాదం ఎక్కువ. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారికి ఉప్పు, నీరు తగ్గి కళ్లు తిరిగి పడిపోయే ముప్పు వేరే ఉంది.

రాయలసీమకు సంబంధించినంత వరకు మరొక విషయం గమనించదగినది. వేడి, పొడి వాతావరణంలో చెమట రూపంలో నీరు పోయి మూత్రం చిక్కబడటం మూత్రపిండాల్లో రాళ్లకు దారి తీస్తుంది, కీటోన్లు పుట్టించే ఆహారం కూడా అదే ముప్పును పెంచుతుంది. ఈ రెండూ కలిసే చోట ఎండాకాలంలో పొలం పనికో భవన నిర్మాణానికో వెళ్లే మనిషికీ, చల్లని గదిలో కూర్చునే మనిషికీ ఒకే కొలతతో నీరు చెప్పడం సరికాదు. జొన్నరొట్టె, రాగిసంగటి, చెనిక్కాయ నూనెతో సాగే వంటింట్లో రోజుకు 100 గ్రాముల కొబ్బరినూనె అంటే 900 కిలోకెలరీలు, వాటిలో అధికభాగం సంతృప్త కొవ్వు. రోజుకు 2,000 కిలోకెలరీలు తినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే సంతృప్త కొవ్వు పరిమితి 22 గ్రాముల లోపే.

అయితే ఇన్ని అభ్యంతరాల మధ్య వీఆర్‌కే పద్ధతితో నిజంగా బరువు తగ్గినవారు ఉన్నారు, వారి సాక్ష్యాలు కల్పితాలు కావు. మోసం సాక్ష్యంలో కాదు, సాక్ష్యాన్ని ఎంచుకోవడంలో ఉంటుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి కొవ్వు తక్కువ ఆహారం, మరొక వర్గానికి పిండిపదార్థాలు తక్కువ ఆహారం ఏడాది పాటు పాటింపజేసిన అధ్యయనం 2018లో వెలువడింది. మొదటి వర్గం సగటున 5.3 కిలోలు, రెండో వర్గం 6 కిలోలు తగ్గింది. ఈ తేడాను పరిశోధకులు లెక్కలోకి తీసుకోదగినదిగా పరిగణించలేదు. అసలు విశేషం సగటు వెనుక ఉంది: రెండు వర్గాల్లోనూ ఇరవై కిలోలకు పైగా తగ్గినవారూ ఉన్నారు, బరువు పెరిగినవారూ ఉన్నారు. అదే పద్ధతి నుంచి బాగా తగ్గినవారిని మాత్రమే వేదిక ఎక్కించి అద్భుతమనీ, పెరిగినవారిని మాత్రమే చూపి వ్యర్థమనీ నిరూపించవచ్చు. కనుక ఫోటోలు చూపే నిర్వాహకుణ్ణి అడగవలసింది ఎంతమంది తగ్గారన్నది కాదు, ఎంతమంది చేరారు, ఏడాది తరువాత వారిలో ఎంతమంది మిగిలారు, వారి సగటు తగ్గుదల ఎంత అన్నది. ఈ అంకెలు రాసి ఇవ్వడానికి ఇష్టపడే కేంద్రం ఎక్కడైనా ఉంటే అది అరుదైన కేంద్రం.

మధుమేహం విషయంలో నిజాయితీ గల మాట ఎలా ఉంటుందో బ్రిటన్‌లో జరిగి 2017లో మొదటి ఫలితాలు ప్రకటించిన డైరెక్ట్ అధ్యయనం చూపుతుంది. రోజుకు సుమారు 830 కిలోకెలరీల ఆహారంతో మొదలైన ఆ కార్యక్రమంలో చేరిన రోజునే వైద్యులు చక్కెర, రక్తపోటు మందులను ప్రణాళిక ప్రకారం ఆపారు, ఏడాదికి 46 శాతం మందిలో మందులు లేకుండానే చక్కెర అదుపులో ఉంది, రెండేళ్లకు ఆ వాటా 36 శాతానికి తగ్గింది. మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడనివారిని మాత్రమే చేర్చుకున్నామని కూడా పరిశోధకులు చెప్పారు. ఎవరికి వర్తిస్తుంది, ఎంతమందికి ఫలించింది, ఎంతకాలం నిలిచింది అన్న మూడు మాటలూ అందులో ఉన్నాయి. దీన్ని నయం కావడం అనకుండా ఉపశమనం అనడం కూడా అందుకే.

సలహా ఇచ్చేవారి ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందన్నది కూడా తెలుసుకోవాలి. పట్టణాల్లో పొద్దున్నే పాలపొడి వంటి పానీయం ఇచ్చి బరువు తూచే చిన్న కేంద్రాల నిర్వాహకులు చాలామంది ప్రత్యక్ష విక్రయ సంస్థల పంపిణీదారులే. పొడి అమ్మితే వచ్చే లాభంతో పాటు కొత్త సభ్యుణ్ణి చేర్చినా వారికి ప్రయోజనం కలుగుతుంది. ఈ గొలుసు అమ్మకాల మీద దేశమంతా మాట్లాడుకున్న కేసు ఒకటి కర్నూలుదే: డబ్బు చలామణి పథకాల నిషేధ చట్టం కింద 2014 మే నెలలో ఆమ్వే ఇండియా అధిపతి విలియం పింక్నీని కర్నూలు పోలీసులు అరెస్టు చేశారు. ఆ కేసు వస్తువుల నాణ్యత గురించి కాదు, విక్రయ విధానం గురించి. అయినా కొనేవారికి అది ఉపయోగపడే పాఠం, ఎందుకంటే సభ్యుల చేరిక మీద ఆధారపడిన వ్యక్తి మీ బరువు గురించి చెప్పే మాటను ఆ ఆధారంతో కలిపే వినాలి. ఇలాంటి పొడి డబ్బా మీద 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉంటే అది తయారీదారు నమోదైనట్టు మాత్రమే చెబుతుంది. పొడి బరువు తగ్గిస్తుందని ఏ అధికారి తేల్చినట్టు కాదు. ఆరోగ్య అనుబంధాల మీద ఔషధంగా వాడకూడదన్న హెచ్చరికను ముద్రించడం నిబంధన కాబట్టి, అదే డబ్బా చేతిలో పట్టుకుని షుగరు తగ్గుతుందని చెప్పే మనిషి తన మాటను తానే ఖండించుకుంటున్నట్టు లెక్క.

పేరులేని గుళికలు ఇచ్చే కేంద్రాల జోలికి అసలే పోకూడదు. ఆకలిని తగ్గించే సిబుట్రమిన్ మందు గుండెకు హాని చేస్తుందని మన దేశంలో 2011లో నిషేధించారు, అయినా మూలికల పేరుతో అమ్మే పొడుల్లో అది కల్తీగా బయటపడిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి.

చట్టం కొంతవరకు అండగా ఉంది. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం నయం చేస్తామని ప్రకటించరాదన్న జబ్బుల జాబితాలో మధుమేహం, స్థూలకాయం రెండూ ఉన్నాయి. అయితే మందు కాకుండా ఆహార పద్ధతిగా చెప్పే మాటలకు అది ఎంతవరకు వర్తిస్తుందన్నది వాదనకు తావిచ్చే విషయం. సామాజిక మాధ్యమాల్లో ఆరోగ్య సలహాలిచ్చే ప్రముఖులు తమ మాట వైద్య సలహాకు ప్రత్యామ్నాయం కాదని చెప్పాలని, అర్హత ఉన్నవారు ఆ అర్హతను వెల్లడించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 ఆగస్టులో నిర్దేశించింది. డబ్బు చెల్లించి మోసపోయామని భావించేవారు 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు, ఆపైన కర్నూలు, కడప జిల్లా వినియోగదారుల కమిషన్లకు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదు రుసుము లేదు, గడువు రెండేళ్లు. రసీదు, ఒప్పందపత్రం, వాగ్దానం చేసిన ప్రకటన తాలూకు నకలు ముందునుంచే దాచుకుంటే కేసుకు బలం ఉంటుంది. నోటిమాటగా చెప్పిన పది కిలోలకు ఆ పత్రాల్లో చోటు దొరకదు గనుక, చేరే రోజునే దాన్ని రాసి సంతకం చేయమని అడగడం మంచిది.