తొలి నిమిషంలో ఏం చెప్పాలి?

"మీ గురించి చెప్పండి." అమెరికాలో రెసిడెన్సీ ఇంటర్వ్యూ చాలాసార్లు ఈ మాటతోనే మొదలవుతుంది. మన దగ్గర పీజీ సీటు నీట్ ర్యాంకుతో, కౌన్సెలింగ్‌తో తేలిపోతుంది. అందుకే ఇక్కడ ఎంబీబీఎస్ చదివి అక్కడికి దరఖాస్తు పెట్టే తెలుగు డాక్టర్లలో చాలామందికి ఈ ప్రశ్న కొత్త. జవాబుకు దొరికేది నిమిషం. అంటే ఇంగ్లిషులో ఇంచుమించు 130 నుంచి 150 మాటలు.

ఆ కాస్త సమయాన్నీ మార్కులు, పతకాలు, పరిశోధన పత్రాలతో నింపేసేవాళ్లు చాలామంది. అవన్నీ దరఖాస్తులో ఉన్నవే. ఎదుటివాళ్లు వినాలనుకునేది వేరు: ఏం పని నేర్చుకుని వచ్చారు, ఈ శాఖే ఎందుకు, మా ఆసుపత్రే ఎందుకు?

వరంగల్‌లో ఎంబీబీఎస్ పూర్తిచేసి, ఇంటర్నల్ మెడిసిన్ కోరుకుంటున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. శిక్షణ గురించి ఆమె రెండు వాక్యాల్లో ముగించాలి. ఏడాదిపాటు అన్ని విభాగాల్లో ఇంటర్న్‌గా చేశానని ఒకటి, అమెరికా ఆసుపత్రిలో కొన్ని వారాలు పనిచేసిన అనుభవం గురించి ఇంకొకటి. చదువయ్యాక మధ్యలో ఖాళీ సంవత్సరం ఉంటే అప్పుడేం చేసిందో కూడా ఇక్కడే చెప్పేయడం మేలు. దాచినట్టు కనిపిస్తే ప్రశ్న అక్కడే పడుతుంది.

అసలు బలం రెండో భాగానిది. "చిన్నప్పటి నుంచీ డాక్టరు కావాలని కల" అనే మాట ఏ శాఖకైనా సరిపోతుంది, అందుకే పనికిరాదు. దాని బదులు ఆమె ఇలా చెప్పిందనుకోండి: "గుండె వైఫల్యంతో ఒక రైతు మాటిమాటికీ వార్డులో చేరేవాడు. మందు పనిచేయట్లేదనుకున్నాం. కూర్చుని అడిగితే, మూత్రం ఎక్కువయ్యే మాత్ర వేసుకుంటే పొలంలో పని సాగదని మానేశానన్నాడు. మా సీనియర్‌తో మాట్లాడి, పొలం నుంచి వచ్చాక వేసుకునేలా వేళ మార్చాం. ఒక రోగిని కొన్నాళ్లపాటు వెన్నంటి చూడాలన్న కోరిక నాకు అక్కడ పుట్టింది." రోగి పేరు, ఊరు చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

మూడో భాగం దీన్నుంచే రావాలి. అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ మూడేళ్లు. ఆ మూడేళ్లూ రెసిడెంట్లు తమకంటూ కొందరు రోగులను క్లినిక్‌లో క్రమం తప్పకుండా చూస్తుంటారు. ఆ ఆసుపత్రి క్లినిక్‌కు ఎలాంటి రోగులు వస్తారో ముందే తెలుసుకుని, "అందుకే మీ దగ్గరికి" అంటే మాట అతుకుతుంది. వెబ్‌సైటులోని పొగడ్తలను అప్పజెబితే అతకదు.

బట్టీపట్టిన జవాబు తొందరగానే బయటపడుతుంది. స్వరం ఒకే తీరున సాగుతుంది, మధ్యలో ఆపి అడిగితే దారం తెగిపోతుంది. అందుకే వాక్యాలు కాక, మూడు మజిలీలే గుర్తుపెట్టుకుని ఫోనులో రికార్డు చేసుకుని వినాలి. పైగా నోటి నుంచి వచ్చిన ప్రతి వివరమూ తర్వాతి ప్రశ్న కావచ్చు. రైతు సంగతి చెప్పిన అమ్మాయిని ఆ మందు పేరేమిటి, మోతాదెంత, కిడ్నీ పరీక్షలు ఎలా ఉన్నాయి అని అడుగుతారు.